ఉదయం 10 గంటల టిఫిన్, మధ్యాహ్నం ఛాతీలో మంట

కడుపులో మంట అనగానే మన ఇళ్లలో మొదటి నింద కారం మీద పడుతుంది. తర్వాత ఆవకాయ మీద, ఆ తర్వాత టెన్షన్ మీద. ఏ వేళకు తిన్నావని, తిన్నాక ఎంతసేపటికి పడుకున్నావని అడిగేవాళ్లు తక్కువ. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్న మా బంధువుల అమ్మాయి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. పచ్చడి మానేసింది, వేపుళ్లు మానేసింది, చివరికి పప్పులో పచ్చిమిర్చి కూడా ఏరి పక్కన పెట్టేది. చప్పిడి తిండి తింటున్నా మంట మాత్రం వదల్లేదు. నైట్ డ్యూటీ చేసేవాళ్లకు ఆమె కథ పనికొస్తుందనిపించి రాస్తున్నాను.

ఆమె డ్యూటీ రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు. ఉండేది లేడీస్ హాస్టల్‌లో. అక్కడ రాత్రి భోజనం 8 గంటలకు గానీ పెట్టరు, ఈమె 7.15కే బయలుదేరాలి. సాయంత్రం లేచాక తాగిన టీ, రెండు బిస్కెట్లతోనే డ్యూటీ ఎక్కేది. వెళ్లగానే ముందు షిఫ్ట్ వాళ్ల నుంచి రోగుల బాధ్యత అందుకునే హ్యాండోవర్, 10 గంటల మందులు, మధ్యలో కొత్త అడ్మిషన్లు. 11 గంటలకు తిందామనుకున్న బాక్సు 2.30కో, 3 గంటలకో తెరిచేది. కొన్నిసార్లు తెరవకుండానే హాస్టల్‌కు తెచ్చేది. ఈలోపు నిద్ర ఆపుకోవడానికి మూడు టీలు. 5 గంటలకు రక్తనమూనాలు, 6కు యాంటీబయాటిక్స్. డ్యూటీ దిగి హ్యాండోవర్ ఇచ్చి హాస్టల్ చేరేసరికి దాదాపు 10 అయ్యేది. ఆ ఆకలి మీద నాలుగు పూరీలో, రెండు దోశలూ వడా కలిపో తినేసి, పావుగంటలో మంచం ఎక్కేది. మధ్యాహ్నం ఒంటిగంటకు గొంతులోకి పుల్లటి నీళ్లు ఎగదన్ని మెలకువ వచ్చేది. ఛాతీ మధ్యలో మంట, పులితేన్పులు. లేచి కూర్చుంటే తగ్గేది, పడుకుంటే మళ్లీ మొదలు.

లేస్తే తగ్గి పడుకుంటే పెరిగే ఈ లక్షణమే చాలా చెబుతుంది. అన్నవాహిక కింది చివర గుండ్రటి కండరం ఒకటి ఉంటుంది. అది మూసుకుని ఉన్నంతసేపు కడుపులోని ఆమ్లం పైకి రాదు. కడుపు బాగా సాగినప్పుడు ఆ కండరం మధ్యమధ్యలో వదులవుతుంది. ఆకలి మీద ఒక్కసారిగా ఎక్కువ తింటే ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. నిలబడి ఉంటే పైకొచ్చిన కాస్త ఆమ్లం కిందికి జారిపోతుంది, మింగిన లాలాజలం దాన్ని కడిగేస్తుంది. నిద్రలో లాలాజలం ఊరడమూ, మింగడమూ బాగా తగ్గిపోతాయి కాబట్టి వచ్చిన ఆమ్లం అన్నవాహికలోనే ఎక్కువసేపు నిలుస్తుంది. అందుకే డాక్టర్లు చివరిసారి తిన్నదానికీ పడుకోవడానికీ మధ్య రెండు మూడు గంటలు ఉండాలంటారు. రాత్రి 9కి తిని 9.15కు పడుకున్నా, పగలు 10కి తిని 10.15కు పడుకున్నా కడుపుకు తేడా లేదు. అయితే పగటి మనిషి తిన్నాక ఎలాగూ కాసేపు టీవీ చూస్తాడు. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషికి ఆ ఓపిక ఉండదు.

నైట్ డ్యూటీకి ఇంకో చిక్కు ఉంది. ఏమీ తినకపోయినా మన కడుపులో కొంత ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. అది సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాటేదాకా ఎక్కువగా, ఉదయం పూట తక్కువగా ఉంటుంది. అంటే టీ తప్ప ఇంకేమీ కడుపులో లేని గంటల్లోనే ఆమెకు ఆమ్లం ఎక్కువగా ఊరేది. పైగా రాత్రి తిన్న ఘనాహారం పగటికంటే నెమ్మదిగా కడుపు దాటుతుంది. కాబట్టి తెల్లవారుజామున 3 గంటలకు బాక్సు నిండా అన్నం తినడం 12.30కు కొద్దిగా తినడంతో సమానం కాదు. కొన్ని నైట్లు చేసినంత మాత్రాన కడుపు గడియారం పూర్తిగా తిరగబడిపోదు కూడా.

ఇవన్నీ ఆమె నర్సింగ్‌లో చదువుకున్నవే. తన ఒంటికి అన్వయించుకోవడానికి మాత్రం ఒక చార్ట్ కావలసి వచ్చింది. రోగులకు రోజూ రాసే ఇన్‌టేక్ చార్ట్ పద్ధతిలోనే తనకూ ఒకటి గీసుకుంది. ఏ వేళకు ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు పడుకున్నది, మంట ఎప్పుడు వచ్చింది, వీటితో పాటు టీలు, మాత్రలు. రెండు వారాలు రాసింది. అందులో ఒక విషయం కొట్టొచ్చినట్టు కనబడింది. వీక్లీ ఆఫ్ రోజు ఇంటికి వెళ్లి, రాత్రి 7.30కు ఆవకాయ కలుపుకొని తిని, 11 గంటలకు పడుకుంటే మంట లేదు. డ్యూటీ రోజు కారం లేని పూరీ తిని పావుగంటలో పడుకుంటే మంట ఉంది. డ్యూటీ దిగాక ఫార్మసీ దగ్గర పనిపడి ఆలస్యమై, టిఫిన్ తిన్న రెండు గంటలకు పడుకున్న రోజు కూడా లేదు. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది ఈ చార్టే. ఏం తిన్నారో గుర్తు పెట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారు. తిన్న వేళ, పడుకున్న వేళ పక్కపక్కన రాసుకుంటే తప్ప అసలు సంగతి దొరకదు.

అదే చార్ట్‌లో మాత్ర సంగతీ బయటపడింది. డాక్టర్ ఆమెకు పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాములు రాశారు. చీటీ మీద ఉన్నది అందరికీ ఉండేదే: ఉదయం, పరగడుపున. ఆమె కూడా అక్షరాలా పాటించి, 8 గంటలకు డ్యూటీ దిగుతూ వేసుకునేది. టిఫిన్ రెండు గంటల తర్వాత. కొన్ని రోజులు టిఫిన్ కూడా లేకుండా పడుకునేది. ఈ రకం మందు కడుపులో ఆమ్లాన్ని పంపే 'పంపుల'ను మూస్తుంది. కానీ ఆ సమయంలో పనిచేస్తున్న పంపులనే పట్టుకోగలదు. ఎక్కువ పంపులు పనిలోకి దిగేది తిండి పడినప్పుడు. మందు రక్తంలో ఉండేదేమో ఒకటి రెండు గంటలే. అందుకే తినడానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోమంటారు. ఉదయం అని రాయడానికి కారణం పగటి మనుషులు రాత్రంతా ఖాళీ కడుపుతో ఉండి ఉదయం తినడం. ఆమెకు అలాంటి భోజనం సాయంత్రం పూట. డాక్టర్‌ను మళ్లీ కలిసి డ్యూటీ వేళలు చెబితే, సాయంత్రం భోజనానికి అరగంట ముందుకు మార్చారు. మొదటిసారే ఆయన డ్యూటీ సంగతి అడిగి ఉండాల్సింది. ఓపీలో ఈ ప్రశ్నకు పట్టేది పది సెకన్లు.

ఇక మార్చిన దినచర్య. హాస్టల్ వంటమ్మతో మాట్లాడి అన్నం, పప్పు 6.45కల్లా దొరికేలా చేసుకుంది. మాత్ర 6.15కు. రోజు మొత్తానికి పెద్ద భోజనం అదే. అర్ధరాత్రి 12.30 ప్రాంతంలో చిన్న బాక్సు: పెరుగన్నం గానీ, రెండు ఇడ్లీలు గానీ. 3 తర్వాత ఘనాహారం లేదు, టీ కూడా లేదు. మరీ ఆకలేస్తే ఒక అరటిపండు. ఉదయం టిఫిన్ హాస్టల్ దాకా ఆపుకోకుండా, 8.30కు ఆసుపత్రి క్యాంటీన్‌లోనే రెండు ఇడ్లీలు తిని బస్సు ఎక్కుతుంది. ప్రయాణం, స్నానం, బట్టలు ఉతుక్కోవడం అయ్యేసరికి 10.45. అప్పుడు ఎడమవైపు తిరిగి పడుకుంటుంది. అలా పడుకుంటే కడుపులోని ఆమ్లం అన్నవాహిక ద్వారం కంటే దిగువన ఉంటుంది. మంచం తలవైపు కోళ్ల కింద ఆరంగుళాల చెక్కలు పెట్టమని కూడా చెబుతారు గానీ హాస్టల్ మంచానికి అది కుదరలేదు. రెండు దిండ్లు పెట్టుకుంటే మెడ వంగి పొట్ట నొక్కుకుంది తప్ప లాభం లేకపోయింది. ఆఫ్ రోజుల్లో మిగతావన్నీ మారినా సాయంత్రం 7 గంటల భోజనం మాత్రం కదపదు. పగలు డ్యూటీ పడినా, నైట్ పడినా కుదిరే వేళ అదొక్కటే. వారం వారం షిఫ్ట్ మారేవాళ్లకు ఇది అన్నిటికంటే పనికొచ్చే భాగమని నా అభిప్రాయం.

సాఫీగా ఏమీ సాగలేదు. రెండో వారంలోనే ఒక రాత్రి వార్డులో ఎమర్జెన్సీ వచ్చి 12.30 బాక్సు పోయింది. 4 గంటలకు ఆ బాక్సూ, స్నేహితురాలి చపాతీలూ కలిపి తిన్నది, ఉదయం మామూలు ఇడ్లీ తిన్నది. మంట తిరిగి వచ్చింది. అప్పటినుంచి తప్పిపోయిన తిండిని తర్వాతి దానికి కలపడం మానేసింది. తలనొప్పికి డ్యూటీ మధ్యలో ఖాళీ కడుపు మీద వేసుకునే డైక్లోఫెనాక్‌నూ చార్ట్ పట్టించింది. ఆ రకం నొప్పి మాత్రలు కడుపు లోపలి పొరను దెబ్బతీస్తాయి. నైట్ డ్యూటీ చేసేవాళ్లలో చాలామంది చేతిసంచిలో అవి ఉంటాయి, ఎసిడిటీ కథలో మాత్రం వాటి ప్రస్తావన రాదు.

మంట తగ్గింది తిండి వేళల వల్లా, మాత్ర వేళ వల్లా? రెండూ దాదాపు ఒకేసారి మారాయి కాబట్టి ఎవరైనా అడగాల్సిన ప్రశ్నే. ఎనిమిది వారాల కోర్సు అయ్యాక డాక్టర్ చెప్పి మాత్ర ఆపించారు. ఆపిన మొదటి వారం కొంచెం మంట వచ్చింది. అణచిన ఆమ్లం కొన్నాళ్లు ఎక్కువగా ఊరడం మామూలే. ఆ తర్వాత మాత్ర లేకుండానే బాగుంది. డబుల్ డ్యూటీ పడి వేళలు చెదిరిన వారం మాత్రం మళ్లీ కనబడింది. ఆమె విషయంలో వేళలదే పెద్ద పాత్ర అనడానికి ఈ ఆధారం చాలు. అందరి విషయంలో కాదు. హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా వల్ల పుండు పడితే టిఫిన్ వేళ మార్చినంత మాత్రాన మానదు, దానికి యాంటీబయాటిక్స్ కావాలి. మింగుతుంటే అడ్డుపడటం, నల్లటి విరేచనం, రక్తం వాంతి, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత ఉంటే చార్టులు రాస్తూ కూర్చోకూడదు, ఎండోస్కోపీ అవసరమేమో డాక్టర్ చూడాలి. నడిస్తే, మెట్లెక్కితే వచ్చే ఛాతీ నొప్పిని, చెమటతోనో ఆయాసంతోనో వచ్చే మంటను గ్యాస్ అని సరిపెట్టుకోవడం ప్రమాదం. ఆడవాళ్లలో గుండెపోటు ఈ రూపంలోనూ వస్తుంది.

చివరగా, ఎవరు ఏ వేళ పనిచేయాలో రాసే రోస్టర్ గురించి. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కార్మికులను ఐదు గంటలకు మించి ఏకధాటిగా పనిచేయించకూడదని, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలని రాసింది. 250 మందికి మించి ఉన్నచోట క్యాంటీన్ కూడా ఉండాలంది. నేను విన్నంతవరకు ఆసుపత్రి వార్డు రోస్టర్లలో మాత్రం డ్యూటీ వేళ ఉంటుంది, తిండి వేళ ఉండదు. కుదిరినప్పుడు తినడమే. ఈ అమ్మాయి వార్డులో ఇద్దరిద్దరు జట్టుగా ఏర్పడి 12.15 నుంచి 12.30 వరకు ఒకరు, 12.30 నుంచి 12.45 వరకు మరొకరు తినేలా సర్దుకున్నారు. ఒకరు తింటున్నప్పుడు ఆమె రోగులను రెండో ఆమె చూస్తుంది. నైట్ ఇన్‌ఛార్జి ఒప్పుకున్నారు గానీ కాగితం మీద పెట్టలేదు. ఇన్‌ఛార్జి మారినప్పుడల్లా మళ్లీ అడగాల్సి వస్తోంది. ఆసుపత్రులు, కాల్ సెంటర్లు ఆ పావుగంటను రోస్టర్‌లో ఒక గడిగా చేర్చాలి. దానికి కొత్త ఉద్యోగిని తీసుకోనక్కర్లేదు, ఎవరి చోట ఎవరు చూడాలో రాస్తే చాలు.