వచ్చే నెల ఒకటి నుంచి భోజనం 95 రూపాయలు: ఆ ఐదు రూపాయలు ఎందుకో చెప్తాను

మన క్యారియర్ భోజనం తీసుకునే అందరికీ నమస్కారం. విషయం ముందే చెప్పేస్తాను, తర్వాత ఎందుకో రాస్తాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మధ్యాహ్నం భోజనం 90 నుంచి 95 రూపాయలు అవుతుంది. నెలకు 26 భోజనాలు కాబట్టి ఇప్పుడు మీరు ఇచ్చే 2,340 ఇకమీదట 2,470. అంటే నెలకు 130 ఎక్కువ. రెండేళ్ల తర్వాత పెంచుతున్నాను. ఇప్పటికే అడ్వాన్సు కట్టినవాళ్లకు ఆ డబ్బులు అయిపోయేదాకా పాత రేటే, వాళ్లు ఏమీ కలిపి ఇవ్వక్కర్లేదు.

ఈ పోస్టు పెట్టడానికి వారం రోజులు వెనకాముందు ఆడాను. "ఐదు రూపాయలకు ఇంత వివరం ఎందుకు, రేటు మార్చి మెసేజ్ పెట్టెయ్" అని మా ఇంట్లోనే అన్నారు. ఇంకొకరు, నాలాగే ఇంట్లో వండి పంపే ఆవిడే, ఇంకో సలహా ఇచ్చారు. రేటు ముట్టుకోవద్దు, అన్నం గరిటె మార్చు, ఎవరూ కనిపెట్టరు అని. ఆ మాట విన్నాకే కూర్చుని రాయాలనిపించింది, ఎందుకంటే అలాంటి పని నేను ఒకసారి చేశాను.

2023 జులై గుర్తుందా? టమాటా కిలో వంద దాటి ఇంకా పైకి పోయింది. కందిపప్పు కూడా అప్పుడు బాగా ప్రియం. అప్పట్లో నాకు 20 క్యారియర్లు ఉండేవి. మనిషికి 30 గ్రాముల లెక్కన రోజూ 600 గ్రాముల కందిపప్పు వేసేదాన్ని. రేటు పెంచితే ఎక్కడ మానేస్తారో అని భయపడి పప్పు 450కి తగ్గించాను, కొంచెం నీళ్లు ఎక్కువ పోసి, తాలింపు ఘాటుగా పెట్టాను. పది రోజులు గడిచాయి. పదకొండో రోజు ఒక క్యారియర్ ఖాళీగా తిరిగొస్తే అందులో మడిచిన కాగితం ఉంది. "అమ్మా, ఈమధ్య పప్పు పల్చగా వస్తోంది. మీకు ఒంట్లో బాగాలేదా?" అని రాశారు. రిటైరైన మాస్టారు, ఒక్కరే ఉంటారు. కోప్పడి ఉంటే ఏదో ఒకటి సర్దిచెప్పేదాన్నేమో. నాకేమైనా అయిందేమో అని ఆయన కంగారు పడ్డారు, ఆ కాగితం పట్టుకుని స్టవ్ దగ్గర నిలబడి ఏడ్చాను. మర్నాడు పప్పు మళ్లీ 600. లెక్క చూసుకుంటే ఆ పది రోజుల్లో నాకు మిగిలింది రోజుకు ఇరవై రూపాయల చిల్లర, అంతే.

ఆ రోజు నుంచి నేను పెట్టుకున్న పద్ధతి ఏంటంటే, ధర పెరిగి మళ్లీ దిగేవాటికి రేటు పెంచను. పెరిగి ఇక దిగనివాటికి మాత్రమే, అదీ ముందు చెప్పి, పెంచుతాను. టమాటా, ఉల్లిపాయ, పచ్చిమిర్చి మొదటి రకం. టమాటా మండిపోతే పటమట రైతు బజారులో దోసకాయ ఉంటుంది, గోంగూర ఉంటుంది, తోటకూర ఉంటుంది, పప్పు వాటితో వండొచ్చు, రసానికి చింతపండు ఉండనే ఉంది. నెలో నెలన్నరో ఓర్చుకుంటే ధర దిగుతుంది. టమాటాకని పది పెంచినవాళ్లు టమాటా దిగాక పది తగ్గించడం నేనైతే చూడలేదు. అది తప్పని నా గట్టి అభిప్రాయం.

గ్యాస్ కూడా అలాంటిదే. నేను వాడేది 19 కిలోల కమర్షియల్ సిలిండర్, దాని ధర నెలనెలా ఒకటో తారీఖున అటో ఇటో మారుతుంటుంది. నాకు ఒక సిలిండర్ 11 రోజులు వస్తుంది, అంటే 350 భోజనాలకు పైనే. సిలిండర్ మీద వంద రూపాయలు తేడా వచ్చినా ఒక్కో భోజనానికి పడేది పావలాకు కొంచెం ఎక్కువ. దానికోసం మీ దగ్గరకు రావడం బాగుండదు, ఆ హెచ్చుతగ్గులు నేనే భరిస్తాను. ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. "ఇంట్లోనే కదండీ వండేది, ఎలాగూ మీకు వండుకుంటారుగా, ఖర్చేముంది?" అని అప్పుడప్పుడు కొత్తవాళ్లు అడుగుతుంటారు. ఇంటి సిలిండర్ మీద అమ్మకానికి వండకూడదండి, అది ఇంటి ఖర్చులో కలిసిపోయేది కాదు. ఫుడ్ రిజిస్ట్రేషన్ ఉండాలి, నాకు ఉంది. నలుగురికి వండే గిన్నె వేరు, 32 మందికి పదకొండింటికల్లా మూత బిగించే పని వేరు. ఈ మాట కొంచెం కటువుగా అనిపిస్తే క్షమించండి, చాలా రోజులుగా మనసులో ఉంది.

ఇక ఐదు రూపాయల లెక్క. ఇప్పుడు 32 క్యారియర్లు, 26 రోజులు, నెలకు 832 భోజనాలు. రెండేళ్ల కిందటి నా నోటు పుస్తకం, ఇప్పటి పుస్తకం పక్కపక్కన పెట్టుకుని చూశాను.

అన్నిటికంటే ఎక్కువ పెరిగింది సరుకుల్లో కాదు, మనుషుల జీతాల్లో. క్యారియర్లు తెచ్చి ఇచ్చే అబ్బాయికి అప్పుడు 9,000 ఇచ్చేదాన్ని, ఇప్పుడు 11,000. బండి తనదే, పెట్రోలు తనదే, మే నెల ఎండలో కూడా పన్నెండున్నరకల్లా 32 గుమ్మాలు ఎక్కి దిగుతాడు. ఆ 2,000ని 832తో భాగిస్తే భోజనానికి 2 రూపాయల 40 పైసలు. కూరలు తరిగి గిన్నెలు తోమే అక్కకు 6,000 ఉండేది, 7,500 చేశాను, అది ఒక రూపాయి 80 పైసలు. ఈ రెండూ కలిపితేనే నాలుగు రూపాయల ఇరవై పైసలు అయిపోయింది. జీతం ఒకసారి పెంచాక తగ్గించేది ఉండదు, తగ్గించకూడదు కూడా. నిజం చెప్పాలంటే వాళ్లకు ఏడాది కిందటే పెంచాను, మీకు ఇప్పుడు చెప్తున్నాను.

బియ్యం 25 కిలోల బస్తా మీద వంద పెరిగింది. మనిషికి 130 గ్రాముల బియ్యం పోస్తాను, బస్తా ఆరు రోజులు వస్తుంది, కాబట్టి భోజనానికి 52 పైసలు. పాలు రెండుసార్లు పెరిగి లీటరుకు 4 రూపాయలు ఎక్కువైంది. రోజుకు మూడున్నర లీటర్లు తోడు పెడతాను, అంటే మీ పెరుగు గిన్నెకు 44 పైసలు. మొత్తం కూడితే ఐదు రూపాయల 16 పైసలు వచ్చింది. ఐదు తీసుకుంటున్నాను.

నూనె ఏమైంది అని అడుగుతారని తెలుసు. నా పుస్తకం ప్రకారం లీటరుకు 40 పెరిగింది, రోజుకు 700 మిల్లీలీటర్లు వాడతాను, 28 రూపాయలు. కానీ కందిపప్పు కిలోకు 30 తగ్గింది, రోజుకు కిలోకు కాస్త తక్కువ వేస్తాను, అక్కడ దాదాపు అంతే మిగులుతోంది. ఒకదానికి ఒకటి చెల్లు. నూనె పెరిగిందని మీకు చెప్పి, పప్పు తగ్గిన సంగతి చెప్పకుండా ఉంటే నా మనసు ఒప్పుకోదు. అందుకే రెండూ లెక్కలో వేయలేదు.

కూరల క్యారియర్ మాత్రమే తీసుకునే రెండు ఇళ్లవాళ్లకు విడిగా చెప్పాలి. అన్నం మీరు ఇంట్లోనే వండుకుంటారు కాబట్టి బియ్యం పెరిగితే మీకేం సంబంధం అనిపిస్తుంది, అది న్యాయమైన ప్రశ్న. బియ్యం అర్ధ రూపాయి తీసేశాను. కానీ అబ్బాయి మీ ఇంటికి వచ్చే దూరం అంతే, అక్క తరిగే కూర అంతే. తీసేయగా నాలుగున్నర పైన వచ్చింది, నాలుగు పెడుతున్నాను. 60 ఉన్నది 64 అవుతుంది.

రేటు పెంచకుండా సర్దుకునే దారులు ఎన్ని ఉన్నాయో వండేవాళ్లకు తెలుసు, తినేవాళ్లకు కూడా తెలియాలి, నా క్యారియర్‌ను కూడా అలాగే చూడండి. పప్పు చల్లారేకొద్దీ గట్టిపడుతుంది. పదకొండుకు కట్టిన పప్పు ఒంటిగంటకు తినేటప్పుడు ముద్దగా ఉండాలి. అప్పటికీ అన్నం చుట్టూ నీళ్లు పారుతుంటే పప్పు తగ్గినట్టే. దొండకాయ వేపుడు, బెండకాయ వేపుడు వారంలో రావాల్సిన రోజుల్లో బంగాళాదుంప, క్యాబేజీ మళ్లీ మళ్లీ వస్తుంటే అక్కడ ఏదో సర్దుతున్నారు. వేపుడు ముక్క నోట్లో పెట్టుకోగానే పాత నూనె కమురు వాసన వస్తే కాగిన నూనె మళ్లీ కాగిందన్నమాట, అది డబ్బు సంగతి కాదు, ఆరోగ్యం సంగతి, ఆ రోజే ఫోన్ చేసి అడగాలి. పెరుగు మాత్రం ఎండాకాలంలో కాస్త నీరు వదలడం మామూలే, దాన్ని చూసి ఎవర్నీ అనుమానించకండి. గరిటెతో తీస్తే గడ్డ నిలబడిందా లేదా అదే చూడాలి.

మీకు ఈ పెంపు ఇబ్బందిగా ఉండొచ్చు, చదువుకునే పిల్లలకు ముఖ్యంగా, 130 కూడా ఒక లెక్కే అని నాకు తెలుసు. పూర్తి నెల వద్దనుకుంటే వారానికి మూడు రోజులు, నాలుగు రోజులు తీసుకోండి, రేటు అదే 95, తక్కువ రోజులని ఎక్కువ వేయను. సెలవు రోజుల పద్ధతి మారదు. ముందు రోజు రాత్రి తొమ్మిదిలోపు వద్దని మెసేజ్ పెడితే ఆ భోజనం తర్వాతి నెలకు జమ. పొద్దున చెప్తే మాత్రం కుదరదు, అప్పటికి బియ్యం కడిగేసి ఉంటాను.

మానేద్దామనుకునేవాళ్లు మొహమాటపడకుండా చెప్పండి, అడ్వాన్సులో మిగిలింది అదే రోజు తిరిగి పంపుతాను. కొనసాగించేవాళ్లు ఈ నెల 28లోపు "సరే" అని ఒక్క మాట పెడితే చాలు, బియ్యం ఎన్ని బస్తాలు చెప్పాలో నాకు తెలుస్తుంది. ఇంకొకటి, రసం గిన్నె మూత వదులై కారుతోందని ముగ్గురు చెప్పారు. ఆ క్యారియర్లకు ఒక గుడ్డ ముక్క కట్టి పంపండి, గుర్తుపట్టి రబ్బరు రింగు మార్పిస్తాను.