సవరణ: ఆరు నెలలు నిండితే ప్రొబేషన్ అయిపోయినట్టేనా?

"ఆరు నెలలు కాగానే పర్మనెంట్ అని మీ పోస్టులో ఉంది. నాకు ఏడో నెల నడుస్తోంది, లెటర్ ఏదీ రాలేదు. నేను పర్మనెంటేనా?"

ఆ వాక్యాన్ని ఇలా సవరించి చదవండి: మీ ఆఫర్ లెటర్‌లో ఏం రాసి ఉంటే అదే లెక్క. బెంగళూరు ఐటీ కంపెనీల లెటర్లలో తరచుగా "రాతపూర్వకంగా కన్ఫర్మ్ చేసేవరకు ప్రొబేషన్ కొనసాగుతుంది" అనే అర్థం వచ్చే క్లాజ్ ఉంటుంది. అది ఉంటే ఏడో నెలైనా మీరు ప్రొబేషన్‌లోనే ఉన్నట్టు.

తేడా నోటీస్ పీరియడ్ దగ్గర తెలుస్తుంది. ప్రొబేషన్‌లో 30 రోజులు, కన్ఫర్మ్ అయ్యాక 90 రోజులు అని మీ లెటర్‌లో ఉందనుకుందాం. ఆగస్టు 1న చేరి, మార్చి 1న రాజీనామా ఇచ్చారు. కన్ఫర్మ్ కాకపోతే 30 రోజులు పనిచేస్తే రిలీవింగ్ లెటర్ అడగొచ్చు. కన్ఫర్మ్ అయి ఉంటే ఇంకో 60 రోజులు మిగులుతాయి. కంపెనీ ఒప్పుకుంటే వాటికి డబ్బు కట్టి బయటపడొచ్చు. దాన్ని బేసిక్ మీద లెక్కేస్తారా, గ్రాస్ మీదా అన్నది చూసుకోండి. బేసిక్ 15,000, గ్రాస్ 35,000 అయితే కట్టాల్సింది 30,000 లేదా 70,000. ఫ్రెషర్‌కి ఇది చిన్న తేడా కాదు. ఆ బాకీ తీరేదాకా చాలా కంపెనీలు రిలీవింగ్ లెటర్ ఆపుతాయి, కొత్త కంపెనీ అడిగేదేమో అదే.

అలాగని కన్ఫర్మేషన్ రాకపోవడం లాభమే అనుకోకండి. కన్ఫర్మ్ కానివాళ్లను ఏప్రిల్ అప్రైజల్‌కి తీసుకోని కంపెనీలున్నాయి. అక్కడ ఇంక్రిమెంట్ ఏడాది వెనక్కి పోతుంది. కన్ఫర్మ్ అయ్యానా లేదా అని హెచ్‌ఆర్‌ని నోటిమాటగా కాకుండా మెయిల్‌లోనే అడగండి.