అక్క పెండ్లి నాటి పాట

నల్లగొండ గడియారం సెంటర్‌లో ఏ చాయ్ బండి కాడ నిలబడ్డా ఒక చరిత్రకారుడు తగులుతడు. ఎవరి ఫోన్‌లోనో పాట మోగిందంటే చాలు. "ఇది తొంభై ఒకటిల పాట, రాసిపెట్టుకో. మా అక్క పెండ్లి యాడాది చిత్రలహరిల చూసిన." పక్కాయన ఊకుంటడా? "కాదే, అరవైలది. నేను చూసిన్నాడు బొమ్మ నలుపు తెలుపే ఉండె."

అయ్యా, నలుపు తెలుపు పాటది కాదు, మీ ఇంట్లో టీవీది. దేశంలో రంగుల ప్రసారం 1982లో మొదలైనా, చాలా ఇండ్లలో ఎర్రచీర కూడా బూడిదరంగులోనే కనబడింది.

శుక్రవారం సాయంత్రం చిత్రలహరిలో చూశారంటే తేలేది ఒక్కటే: ఆ పాట అప్పటికే పుట్టింది. దూరదర్శన్ పాతవీ వేసేది, కొత్తవీ వేసేది. వివిధభారతి సంగతీ అంతే. అంటే ఈ సాక్ష్యం 'ఇంతకంటే తర్వాతది కాదు' అనే పైగీత గీస్తుంది, 'ఇంతకంటే ముందుది కాదు' అనే కిందిగీత గీయదు.

కిందిగీతకు కొంత కష్టపడాలి. ఆ పాట ఉన్న, షాపులో నింపించిన సి-60 క్యాసెట్ ఒకటి దొరికిందనుకుందాం. పక్కకు అరగంట, అంటే ఆరేడు పాటలు. అందులో జగదేకవీరుడు అతిలోకసుందరి పాట కూడా ఉంది. ఆ సినిమా మే 1990లో వచ్చింది, పాటలు సినిమా కంటే కొంచెం ముందే బజార్లోకి వస్తయి. కనుక క్యాసెట్ నింపింది 1990లోనో ఆ తర్వాతనో గానీ, ఎనభై ఐదులో మాత్రం కాదు. అట్ట మీద పెన్నుతో "అక్క పెండ్లి, ఫిబ్రవరి 91" అని ఉంది. క్యాసెట్ వయసు తేలిపోయింది.

పాట వయసు తేలలేదు! కొత్త పాట పక్కనే 1974 పాట కూర్చోవచ్చు. ఇక గొంతు వినాలి. చిత్ర పాడిందైతే తెలుగులో ఎనభైల నడుమకు ముందు వెతకక్కర్లేదు. కాబట్టి ఎనభైల నడుమ నుంచి ఫిబ్రవరి 1991 దాకా. ఆరేండ్ల సందు. ఆ సందులో సినిమా పేరు పట్టాలె. సంక్రాంతి సినిమా అయితే మళ్లీ ఒక తిరకాసు: క్యాసెట్ డిసెంబర్‌లో, బొమ్మ జనవరిలో. కొట్లాడుకునే ఇద్దరూ కరెక్టే.

కంపెనీ క్యాసెట్ అట్ట మీద అచ్చయిన సంవత్సరాన్నీ గుడ్డిగా నమ్మకండి. పాత పాటలను మళ్లీ వేస్తే, అది మళ్లీ వేసిన ఏడు కావచ్చు. అయినా ఏదో ఒకటి అచ్చు వేశారు, పాపం. ఇప్పుడు పాటలమ్మే యాప్‌లు చూడండి: ఎనభైల పాటను ఏదో సంకలనంలో కలిపి, పక్కన 2014 అని పెడతయి. పాట రాసినాయన, కట్టినాయన, పాడినామె బతుకంతా తుడిచేసి ఎక్కించిన తారీఖు అతికిస్తారు. సిగ్గుండాలె! దాన్ని చూసి పదిమంది కాపీ కొడతారు, పదకొండోవాడు "అన్ని చోట్లా అట్లనే ఉంది కదా" అంటడు. అట్ట ఒక్కటి దాచుకున్న ఇల్లు ఉంటే ఈ అబద్ధం పట్టుబడేది. ఆ అట్టలే ముందుగా పొయ్యిలోకి పోయినయి.

బండి కాడ చాయ్ చల్లారింది. పెండ్లాయన తగ్గలేదు: "తొంభై ఒకటే. పెండ్లి మాదా, నీదా?"