"5 పెట్టేయండి" అన్న పెద్దమనిషికి

ఇందాకే మా తమ్ముడు వరసగా తీసిన ఫోటోలు పంపాడు. పరుగు పందెంలో వాడి కూతురు కెమెరా వైపే దూసుకొస్తోంది. మొదటి మూడు ఫ్రేముల్లో పిల్ల కనురెప్పలు లెక్కపెట్టొచ్చు. నాలుగోదాంట్లో పక్క లైను కుర్రాడు భుజం అడ్డం పెట్టాడు. అంతే! అయిదో ఫ్రేము నుంచి చివరిదాకా ఆ కుర్రాడి చొక్కా గుండీకి వేసిన దారం కుట్టు కూడా కనిపిస్తోంది, మా పిల్ల మాత్రం వెనకాల పొగలా ఉంది. కింద మెసేజ్: "అక్కా, రీల్‌లో చెప్పినట్టే 5 పెట్టాను. కెమెరా పాడైందంటావా?"

పాడైంది కెమెరా కాదురా నాయనా.

ఆ రీల్ మీరూ చూసే ఉంటారు. నల్లటి టోపీ, వెనక నీలం లైటు, మధ్యమధ్యలో డప్పు మోత. "వేగంగా కదిలేవాళ్లకి వేగమైన సెట్టింగ్! ట్రాకింగ్ 5 పెట్టేయండి, ఇక చూస్కోండి!" ఏం చూస్కోవాలి? పక్కింటి కుర్రాడి గుండీలా?

ట్రాకింగ్ సెన్సిటివిటీకీ పిల్ల పరుగు వేగానికీ సంబంధం లేదు. AF-C లో, అంటే ఆగకుండా ఫోకస్ సర్దుకుంటూ పోయే పద్ధతిలో ఉన్నంతసేపూ, బటన్ సగం నొక్కి పట్టుకున్నంతసేపూ కెమెరా దూరాన్ని కొలుస్తూనే ఉంటుంది, పిల్ల తర్వాతి క్షణం ఎక్కడుంటుందో అంచనా వేసి లెన్స్‌ని తిప్పుతూనే ఉంటుంది. ఈ సెట్టింగ్ అడిగే ప్రశ్న వేరు. ఫోకస్ పాయింట్ కింద దూరం హఠాత్తుగా మారిపోయింది. మధ్యలో ఎవరో అడ్డొచ్చారు, లేదా పాయింట్ పిల్ల మీంచి జారి వెనక గోడ మీద పడింది. అప్పుడు కెమెరా కాసేపు ఓపిక పట్టి పాత దూరంలోనే ఉండాలా, వెంటనే కొత్తదాని మీదికి దూకాలా? అంతే విషయం. వేగమైన సెట్టింగ్ అంటే పిల్లని వేగంగా పట్టుకునేది కాదు, పిల్లని వేగంగా వదిలేసేది. తిరనాళ్లలో మన చెయ్యి పట్టుకుని నడుస్తూ, ఎవరు అడ్డొస్తే వాళ్ల చెయ్యి పట్టుకుని వెళ్లిపోయే మనిషిలాంటిదన్నమాట.

ఇంకా మండే సంగతి ఉంది. తమ్ముడిది సోనీ. దాంట్లో 5 అంటే Responsive, అంటే దూకుడు. 1 అంటే Locked on, ఓపిక. టోపీ ఆయన చేతిలో ఉన్నది నికాన్. దాంట్లో ఇదే విషయం Blocked shot AF response అనే పేరుతో ఉంటుంది, అంకెలు సరిగ్గా తిరగబడి ఉంటాయి. అక్కడ 5 అంటే Delayed, ఓపిక. 1 అంటే Quick. అంటే ఆయన ఓపిక సెట్టింగ్ పెట్టుకుని, వేగం వల్లే పని జరిగిందని నమ్మి, ఊరందరికీ పాఠం చెబుతున్నాడు! కెనాన్‌లో అయితే మైనస్ 2 నుంచి ప్లస్ 2 దాకా. ముగ్గురూ కలిసి కూర్చుని ఒక అంకె ఒప్పుకోవడానికి ఏం రోగమో. పాయింటేమిటంటే, ఎవరు అంకె చెప్పినా వినకండి, అంకె పక్కన రాసున్న మాట చదవండి. చదవడం కూడా కష్టమే అంటే ఇక నేను చెప్పేదేం లేదు.

తమ్ముడికి చెప్పింది ఇది. పిల్లలు గుంపుగా పరిగెత్తేచోట Locked on వైపు, 2 దగ్గర పెట్టు. మొత్తం ఫ్రేమంతా కెమెరాకి వదిలేయకు. వదిలేస్తే అది తనకి నచ్చిన మొహం ఎంచుకుంటుంది, తరచుగా దగ్గరున్న మొహమే దానికి నచ్చుతుంది. చిన్న పాయింటుతో మొదలయ్యే ట్రాకింగ్ పెట్టుకో, ఆ పాయింటు మన పిల్ల మీద ఉంచి బటన్ సగం నొక్కు, ఆ తర్వాత కెమెరాని వెంటాడనీ. దీని తర్వాత కూడా అడ్డొచ్చినవాడు అక్కడే తిష్ట వేస్తే కెమెరా వాడి మీదికి పోతుంది. ఓపికకీ హద్దుంటుంది కదా, నాకున్నట్టే.

అవతల ఒకాయన కామెంట్ పెట్టాడు: "ఇవన్నీ ఎందుకండీ, సింగిల్ ఫోకస్‌లో లాక్ చేసి టక్కున నొక్కితే సరి." సరేనండీ, లెక్క వేద్దాం. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 85 ఎంఎం లెన్స్, f/1.8, పిల్ల 3 మీటర్ల దూరంలో. షార్ప్‌గా ఉండే లోతు సుమారు 13 సెంటీమీటర్లు, అంటే ముందుకి ఆరున్నర, వెనక్కి ఆరున్నర. పిల్ల సెకనుకి 3 మీటర్లు పరిగెడుతోందనుకోండి. మీరు లాక్ చేశాక నొక్కడానికి సెకనులో పదో వంతు పట్టినా ఆమె 30 సెంటీమీటర్లు ముందుకి వచ్చేసింది. మీ "టక్కున" అంతకంటే వేగమా స్వామీ? f/4 కి వెళ్లినా లోతు మొత్తం 30 సెంటీమీటర్లే, అందులో మీకు పనికొచ్చే ముందు భాగం 15.

పక్షుల సంగతికొస్తే అక్కడా ఇదే రీల్ జ్ఞానం. ఖాళీ ఆకాశంలో ఎగిరే గద్దకి Responsive పెట్టుకోండి, పర్లేదు. పట్టుకోవడానికి అక్కడ ఇంకేమీ లేదు, జారిపోయినా త్వరగా తిరిగి పట్టుకుంటుంది. చెట్ల ముందునుంచి వెళ్లే కొంగ దగ్గర Locked on కావాలి. కానీ దాంట్లోనూ ఒక తిరకాసుంది, దాన్ని ఎవడూ చెప్పడు. ఫోకస్ ఒకసారి వెనక ఆకుల మీద పడి స్థిరపడిందా, అదే ఓపికతో ఆకుల్ని పట్టుకు కూర్చుంటుంది! కొంగ ముందునుంచి పోతున్నా చూడదు. అప్పుడు బటన్ అలాగే నొక్కి పట్టి దండం పెట్టుకుంటే లాభం లేదు. వేలు పూర్తిగా తీసేసి, పక్షిని మళ్లీ పాయింటు కిందకి తెచ్చి మళ్లీ నొక్కాలి.

పక్షులంటే గుర్తొచ్చింది, నాకు అసలు మంట వేరే ఉంది. ఏ ఫోటో మసగ్గా వచ్చినా "లెన్స్ మార్చు" అనే జాతి. చాలాకాలం కిందట ఒక గ్రూపులో ఓ కుర్రాడు బాతు ఎగిరే ఫోటో పెడితే, సీనియర్ గారు ఒక్క క్షణం కూడా చూడకుండా "ఈ లెన్స్‌తో ఇంతే, పెద్దది కొను" అని తీర్పిచ్చేశారు. ఆ ఫోటోలో బాతు వెనక ఉన్న గడ్డి పరకలు కత్తిలా ఉన్నాయి! గడ్డి అంత పదునుగా గీసిన లెన్స్‌కి బాతుని గీయడం రాదా? బాతు మసక, వెనక పదును అంటే ఫోకస్ వెనక పడింది. అన్నీ ఒకే దిక్కుగా గీతల్లా సాగాయంటే కెమెరా కదిలింది, రెక్కలు మాత్రమే సాగాయంటే షట్టర్ వేగం చాల్లేదు. ఏ చోటా పదునే లేకపోతే అప్పుడు లెన్స్‌ని అనుమానించొచ్చు. నికాన్ NX Studio లోనో, కెనాన్ Digital Photo Professional లోనో ఫైల్ తెరిస్తే కెమెరా ఏ పాయింటు వాడిందో డబ్బా గీసి మరీ చూపిస్తుంది. సీనియర్ గారికి అది తెరిచే తీరిక లేదు, తీర్పులివ్వడానికి మాత్రం ఉంది. ఆ కుర్రాడు అప్పు చేసి పెద్ద లెన్స్ కొన్నాడు. ఆ తర్వాత కూడా గడ్డి ఫోటోలే పెట్టాడు, ఇంకా పెద్ద గడ్డి.