బ్యాగులు ఎందుకండీ, కాగితాలు పంపితే చాలదా?

చెన్నైలో తోలు సరుకు ఎక్స్‌పోర్ట్ చేసే మన తెలుగువాళ్లకి నాదొక సీరియస్ ప్రతిపాదన. ఇకనుంచి ఫ్యాక్టరీలో టైలర్ల కంటే టైపిస్టులకి ఎక్కువ జీతం ఇవ్వండి. ఎందుకంటే లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే ఎల్సీ, సరైన కాగితాలిస్తే డబ్బిస్తానని కొనేవాడి తరఫున బ్యాంకు రాసిచ్చే హామీ, దాని మీద డబ్బిచ్చే బ్యాంకు సరుకు మొహం కూడా చూడదు, ఎల్సీలకి బ్యాంకులు పాటించే అంతర్జాతీయ రూల్స్ యూసీపీ 600లో 5వ ఆర్టికల్ ఆ మాట నేరుగానే చెప్తుంది, బ్యాంకులకి కావాల్సింది డాక్యుమెంట్లే అని. బ్యాగుకి జిప్ లేకపోయినా పర్లేదు గానీ ఇన్‌వాయిస్‌లో ఒక్క మాట తగ్గకూడదు.

ఉదాహరణకి ఓ పార్టీ అనుకుందాం. ఎల్సీలో సరుకు పేరు "ఆవు తోలు లేడీస్ హ్యాండ్‌బ్యాగ్స్" అని ఉంది, మనవాడి గుమాస్తా ఇన్‌వాయిస్‌లో "లెదర్ బ్యాగ్స్" అని కొట్టి భోజనానికెళ్లాడు. ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు, బిల్ ఆఫ్ లేడింగ్‌లోనూ అదే ఉంది, కానీ దానికి తప్పు పట్టరు, మిగతా కాగితాల్లో ఎల్సీకి విరుద్ధం కానంతవరకు పేరు పైపైన రాసినా చెల్లుతుంది. ఇన్‌వాయిస్‌కి మాత్రం ఆ వెసులుబాటు లేదు, ఎల్సీలో ఉన్న వర్ణనకి సరిపోవాల్సిందే, అంటే ఆవు మిస్సయితే కేసు మిస్సయినట్టే. (స్పెల్లింగ్ తప్పులకి అంత భయపడక్కర్లేదు, అర్థం మారకపోతే క్షమిస్తారు, కానీ మోడల్ నంబర్ 321 బదులు 123 పడితే అది టైపింగ్ తప్పు అంటే ఎవడూ ఒప్పుకోడు.)

ఇంకోటి, ఓడ మీదకి సరుకు ఎక్కింది మార్చి 10న, ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ మీద తేదీ 12. షిప్‌మెంట్ తేదీకే, లేదా అంతకు ముందే, కవర్ మొదలైందని అందులో రాసుంటే బతికిపోయేవాడు, రాయలేదు కాబట్టి ఆ రెండ్రోజులు బ్యాగులు దేవుడి మీద భారమేసి సముద్రంలో ఉన్నాయని అర్థం.

ఇప్పుడు అసలు కామెడీ. ఎల్సీలో వేరే గడువు రాయకపోతే షిప్‌మెంట్ అయిన 21 రోజుల్లోపు కాగితాలు ఇవ్వాలి, అంటే మార్చి 31. మనవాడు తీరుబడిగా 24న ఇచ్చాడు. బ్యాంకుకి పరిశీలించడానికి ఐదు బ్యాంకు పనిరోజుల దాకా టైముంది, వాళ్లూ పూర్తిగా వాడుకుని 31 సాయంత్రం తిరస్కరణ నోటీసిచ్చారు. ఇన్‌వాయిస్ మార్చడం పది నిమిషాల పని, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర సవరణ తెచ్చుకోవడం మాత్రం ఆ సాయంత్రం అయ్యే పనేనా? వారం ముందే ఇచ్చుంటే రెండూ సరిచేసి మళ్లీ పెట్టేవాడు.

ఇక మిగిలింది కొనేవాడి దయ, వాడు తప్పుల్ని ఒప్పుకుంటే బ్యాంకు మామూలుగా డబ్బిస్తుంది. మార్కెట్ బాగుంటే వాడు ఆవు ఉందో లేదో కూడా చూడడు. ధరలు పడితే మాత్రం ఆవు మీద ఎక్కడలేని భక్తి పుట్టుకొస్తుంది, "సరే అండీ, ఒప్పుకుంటా, పది శాతం తగ్గించండి" అంటాడు. తగ్గించాక వచ్చే డబ్బులోంచి కాగితాల్లో తప్పులున్నందుకు బ్యాంకు డిస్క్రెపెన్సీ ఫీజు కూడా కోసుకుంటుంది, పాపం వాళ్లు కూడా కాగితాలు చదివి అలిసిపోయారు కదా.