బిల్డర్‌తో గొడవ: ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నా సివిల్ కోర్టు వినేది ఎప్పుడు?

స్థలం ఉన్నవాళ్లు బిల్డర్‌కు రాసిచ్చే డెవలప్‌మెంట్ అగ్రిమెంట్‌లో చివరి పేజీల్లో ఒక క్లాజు ఉంటుంది. ఈ ఒప్పందం మీద ఏ వివాదం వచ్చినా ఆర్బిట్రేషన్ ద్వారానే, అంటే కోర్టు బయట ఆర్బిట్రేటర్ అనే మధ్యవర్తి ఇచ్చే తీర్పు ద్వారానే తేల్చుకోవాలని దాని సారాంశం. సంతకాలు చేసే రోజు ఎవరి దృష్టీ దాని మీద ఉండదు. వాటా ఎంత, అడ్వాన్సు ఎంత, ఎన్ని నెలల్లో కట్టిస్తారు అన్న వాటి మీదే మాటలు నడుస్తాయి. పని మధ్యలో ఆగిపోయి యజమాని లాయర్ దగ్గరికి వెళ్లిన రోజు ఆ క్లాజు బయటికొస్తుంది.

అప్పుడు రెండు రకాల సలహాలు వినిపిస్తాయి. క్లాజు ఉంది కాబట్టి కోర్టు మాట మరిచిపొమ్మని కొందరంటారు. మోసం జరిగిందని రాసి దావా వేస్తే కోర్టు వింటుందని ఇంకొందరంటారు. రెండూ తప్పే. నా దృష్టిలో రెండోదే ఎక్కువ నష్టం చేస్తుంది. దాన్ని నమ్మినవాళ్లు ఏళ్ల తరబడి తిరిగి, చివరికి మొదలుపెట్టాల్సిన చోటుకే చేరుతున్నారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ శివార్లలో ఒకాయనకు 1,000 గజాల స్థలం ఉంది. బిల్డర్‌తో సగం సగం వాటాకు డెవలప్‌మెంట్ అగ్రిమెంట్, దాంతోపాటే యజమాని తరఫున వ్యవహరించే అధికారాన్ని బిల్డర్‌కు ఇచ్చే జీపీఏ రిజిస్టర్ చేశారు. గడువు 24 నెలలు, గ్రేస్ పీరియడ్ 6 నెలలు. ఆలస్యమైతే యజమాని వాటా ఫ్లాట్లకు నెలనెలా అద్దె నష్టపరిహారం కట్టాలి. నాలుగేళ్లు గడిచినా మూడో స్లాబ్ దగ్గరే పని ఆగింది. బిల్డర్ మాత్రం తన వాటా ఫ్లాట్లు అమ్మేశాడు, యజమాని వాటాలోని ఒక ఫ్లాట్‌కు కూడా అడ్వాన్సు తీసుకున్నాడు. యజమాని సివిల్ కోర్టులో దావా వేశాడు. అగ్రిమెంట్, జీపీఏ రద్దు చేయాలి, మిగిలిన ఫ్లాట్లు అమ్మకుండా ఇంజంక్షన్ ఇవ్వాలి, నష్టపరిహారం ఇప్పించాలి అని అడిగాడు.

ఇప్పుడేం జరుగుతుంది? క్లాజు ఉందని కోర్టు తనంతట తాను దావాను పక్కన పెట్టదు. 1996 నాటి ఆర్బిట్రేషన్, కన్సిలియేషన్ చట్టంలోని సెక్షన్ 8 కింద, వివాదాన్ని ఆర్బిట్రేషన్‌కు పంపమని ప్రతివాది అడగాలి. అది కూడా అసలు వివాదం మీద తన మొదటి జవాబు దాఖలు చేసే రోజు దాటకముందే అడగాలి. పిటిషన్‌తోపాటు అగ్రిమెంట్ ఒరిజినల్ గానీ, సర్టిఫైడ్ కాపీ గానీ పెట్టాలి. బిల్డర్ ఆ పిటిషన్ వేయకుండా దావాకు జవాబుగా రిటన్ స్టేట్‌మెంట్ ఇచ్చి, కోర్టు తేల్చాల్సిన ఇష్యూలు ఫ్రేమ్ అయ్యాక, సాక్ష్యం మొదలయ్యాక క్లాజు గుర్తుచేసుకుంటే కుదరదు. ఆర్బిట్రేషన్ అడిగే హక్కు వదులుకున్నట్టే. ఆ దావాను సివిల్ కోర్టే చివరిదాకా వింటుంది.

ఇక్కడ యజమానులు పొరబడే చోటు ఒకటుంది. బిల్డర్ తరఫున వకాలత్ పడింది, వాయిదాలు తీసుకున్నారు, ఇంజంక్షన్ పిటిషన్‌కు కౌంటర్ కూడా వేశారు, ఇక క్లాజు సంగతి ముగిసిందని అనుకుంటారు. అలా కాదు. విశాఖ ఉక్కును నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. మధ్యంతర ఉత్తర్వును వ్యతిరేకిస్తూ వేసిన కౌంటర్ అసలు వివాదం మీద మొదటి జవాబు కిందికి రాదు. కాబట్టి మన ఉదాహరణలో బిల్డర్ ఇంజంక్షన్‌కు కౌంటర్ వేసి, రిటన్ స్టేట్‌మెంట్ కంటే ముందు సెక్షన్ 8 పిటిషన్ వేస్తే సమయం మించిపోనట్టే లెక్క.

పిటిషన్ సరైన సమయంలో వస్తే కోర్టుకు పెద్దగా ఎంపిక ఉండదు. విజయనగరం పూసపాటి కుటుంబ వివాదంలో 2000లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. సెక్షన్ 8 షరతులు తీరితే పంపడం కోర్టు ఇష్టాన్ని బట్టి ఉండదు, పంపి తీరాలి. 2015 సవరణ తర్వాత ఇది ఇంకా గట్టిపడింది. చెల్లే ఆర్బిట్రేషన్ ఒప్పందం లేదని పైపై పరిశీలనలోనే తేలితే తప్ప కోర్టు దావాను తన దగ్గర ఉంచుకోకూడదు. పంపడానికి కోర్టు నిరాకరిస్తే సెక్షన్ 37 కింద బిల్డర్‌కు అప్పీలు ఉంది. పంపితే యజమానికి అలాంటి అప్పీలు లేదు.

మరి మోసం మాట? మన యజమాని ప్లెయింట్‌లో బిల్డర్ తప్పుడు ప్లాన్ చూపించి సంతకం పెట్టించాడని రాశాడనుకుందాం. జీపీఏ రద్దు చేసే అధికారం కోర్టుకే ఉంటుందని కూడా వాదించాడు. పుణెలోని ఒక భూమి డెవలప్‌మెంట్ మీద వచ్చిన డెక్కన్ పేపర్ మిల్స్ కేసులో దాదాపు ఇదే వాదన నడిచింది. దస్తావేజు రద్దు చేయించుకోవడం ఆ దస్తావేజు రాసుకున్నవాళ్ల మధ్య హక్కు మాత్రమేనని, లోకమంతటికీ వర్తించే హక్కు కాదని, కాబట్టి ఆర్బిట్రేటర్ కూడా తేల్చవచ్చని 2020లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మోసం ఆరోపణ మీద కూడా అదే ఏడాది గీత స్పష్టంగా గీసింది. మాట తప్పారు, తప్పు చెప్పి ఒప్పించారు, లెక్కలు దాచారు అన్నవన్నీ ఆర్బిట్రేటర్ ముందుకే వెళ్తాయి. అసలు ఆ సంతకమే నాది కాదు, ఆ క్లాజుకు నేను ఒప్పుకున్నదే లేదు అన్న స్థాయిలో ఆరోపణ ఉండి, దానికి కాగితాల్లో ఆధారం కనిపిస్తే సివిల్ కోర్టుకు దావా వినే దారి తెరుచుకుంటుంది. రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి వేలిముద్ర వేసి, ఫొటో దిగిన మనిషి ఆ మాట అనడం కష్టం.

నిజంగా సివిల్ కోర్టుకే చెందే వివాదం వేరే చోట ఉంటుంది. మన ఉదాహరణలో స్థలం తండ్రి నుంచి వచ్చిందనీ, చెల్లెలికి కూడా అందులో వాటా ఉందనీ, ఆమె అగ్రిమెంట్ మీద సంతకం చేయలేదనీ అనుకుందాం. ఆమె పార్టిషన్ దావా వేస్తే అన్నయ్య, బిల్డర్ కలిసి రాసుకున్న క్లాజు ఆమెను కట్టడి చేయదు. ఆమె హక్కు అన్నయ్య నుంచి రాలేదు, స్వతంత్రంగా వచ్చింది. ఒప్పందంలో లేనివాళ్లూ, ఒప్పందంలో లేని విషయాలూ కలిసిన దావాను ముక్కలు చేసి కొంత ఆర్బిట్రేషన్‌కు పంపడం కుదరదని 2003లోనే సుకన్య హోల్డింగ్స్ తీర్పు చెప్పింది. అయితే 2015 సవరణ సెక్షన్ 8లో, సుప్రీంకోర్టు తీర్పు ఏదున్నప్పటికీ అన్న మాట చేర్చింది. ఒప్పందపు పార్టీ ద్వారా హక్కు చెప్పుకునేవాళ్లను కూడా లోపలికి తెచ్చింది. అందువల్ల క్లాజును తప్పించుకోవడానికి ఇద్దరు ముగ్గురు బంధువుల పేర్లు దావాలో కలపడం ఇప్పుడు పనిచేసే ఎత్తు కాదు. చెల్లెలి దావా సివిల్ కోర్టులో నడిచినా, అన్నయ్యకు రావాల్సిన ఆలస్యపు అద్దె లెక్క ఆర్బిట్రేషన్‌లోనే తేలాలి. ప్రాజెక్టు మీద బ్యాంకు తనఖా ఉండి, ఆస్తి అమ్మించి బాకీ రాబట్టుకునే దావా వేస్తే అది కూడా ఆర్బిట్రేషన్‌కు వెళ్లదని 2011లో బూజ్ అలెన్ తీర్పు చెప్పింది. అది ఆస్తి మీద హక్కు కాబట్టి.

యజమానులకు నేను ముందుగా చెప్పాలనుకునే దారి సివిల్ కోర్టు కాదు, వినియోగదారుల కమిషన్. తన వాటా ఫ్లాట్ల కోసం బిల్డర్‌తో ఒప్పందం చేసుకున్న స్థల యజమాని కూడా వినియోగదారుడేనని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. విశాఖపట్నం నుంచి వెళ్లిన ఒక కేసులో 2016లో ఆ మాటను మళ్లీ నిలబెట్టింది. యజమానికీ బిల్డర్‌కూ ఉన్నది జాయింట్ వెంచర్, ఇది వ్యాపార లావాదేవీ అన్న వాదనను తోసిపుచ్చింది. ఆర్బిట్రేషన్ క్లాజు వినియోగదారుల కమిషన్‌ను అడ్డుకోలేదని 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో తేలింది. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక విల్లా కేసులో 2023లో కూడా కొనుగోలుదారుడి పక్షానే అదే జరిగింది. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. కానీ పైన చెప్పిన యజమాని నిజంగా కలిసి వ్యాపారం చేస్తూ లాభనష్టాల్లో వాటా తీసుకుంటూ ఉంటే ఈ దారి ఉండదు. సంతకాల ఫోర్జరీ లాంటి చిక్కు విషయాలున్నా కమిషన్ సివిల్ కోర్టుకు వెళ్లమనే అవకాశం ఎక్కువ.

ఇక ఇంజంక్షన్. యజమానికి అన్నిటికంటే పెద్ద టెన్షన్ బిల్డర్ ఫ్లాట్లు అమ్మేస్తాడనే. దీని కోసమే చాలామంది దావా వేస్తారు. అవసరం లేదు. ఆర్బిట్రేషన్ మొదలవకముందే సెక్షన్ 9 కింద కోర్టును అడిగి అమ్మకాలు ఆపించవచ్చు. క్లాజు ఉన్నా కోర్టు తలుపు తెరిచి ఉండే చోటు ఇది. అయితే ఉత్తర్వు వచ్చిన 90 రోజుల్లో ఆర్బిట్రేషన్ మొదలుపెట్టాలి. అంటే అవతలి పక్షానికి ఆర్బిట్రేషన్ కోరుతూ సెక్షన్ 21 నోటీసు అందాలి. ఉత్తర్వు తెచ్చుకుని ఊరుకునేవాళ్లకు అది చేజారుతుంది. ఒకసారి ఆర్బిట్రేటర్ నియామకం అయ్యాక మధ్యంతర ఉత్తర్వుల కోసం మామూలుగా ఆయననే అడగాలి, కోర్టు కలగజేసుకోదు.

ఇంకో అపోహ క్లాజులోని పక్షపాతం గురించి. బిల్డర్ పెట్టిన మనిషే ఏకైక ఆర్బిట్రేటర్ అని రాసి ఉంటే, క్లాజు చెల్లదు కాబట్టి సివిల్ దావా వేయవచ్చని అనుకుంటారు. ఫలితం మీద ఆసక్తి ఉన్న పక్షం ఏకపక్షంగా ఏకైక ఆర్బిట్రేటర్‌ను పెట్టలేదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ తీర్పు చెప్పింది. కానీ చెల్లకుండా పోయేది ఆ నియామకపు హక్కు మాత్రమే, ఆర్బిట్రేషన్ ఒప్పందం నిలబడుతుంది. హైకోర్టులో సెక్షన్ 11 దరఖాస్తు వేస్తే స్వతంత్ర ఆర్బిట్రేటర్‌ను నియమిస్తుంది. స్టాంపు డ్యూటీ తక్కువ కట్టినా ఇదే పరిస్థితి. 2023 డిసెంబరులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, అది సరిదిద్దుకోగల లోపమనీ, ఒప్పందం రద్దయినట్టు కాదనీ చెప్పింది.

ఆర్బిట్రేషన్ ఖర్చు యజమానులకు భారమే, అది దాచాల్సిన పని లేదు. చట్టంలోని నాలుగో షెడ్యూల్ లెక్క ప్రకారం 60 లక్షల క్లెయిమ్‌కు ఏకైక ఆర్బిట్రేటర్ ఫీజు సుమారు 2 లక్షల 72 వేలు. మామూలుగా ఇరు పక్షాలూ సగం సగం పెట్టుకుంటాయి. ముగ్గురు ఆర్బిట్రేటర్లయితే ఒక్కొక్కరికి 2,17,500 చొప్పున. అందుకే డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ డ్రాఫ్ట్ చేతికొచ్చినప్పుడు ముగ్గురిని పెట్టే క్లాజును ఒక్కరికి మార్చమని పట్టుబట్టాలి. పేరు ఇద్దరి సమ్మతితో, కుదరకపోతే హైకోర్టు ద్వారా అని రాయించాలి. ఆర్బిట్రేషన్ జరిగే చోటు స్థలం ఉన్న ఊరే కావాలి. వాటాదారులందరి చేతా ఒకే కాగితం మీద సంతకం పెట్టించాలి, రేపు సగం గొడవ కోర్టులో, సగం ఆర్బిట్రేటర్ దగ్గర నడవకుండా.