నెగటివ్ అంటే ఎగవేత కాదు

"మా భీమవరం రొయ్యల ఎగుమతి కంపెనీకి రేటింగ్ ఏజెన్సీ వాళ్లు BBB, ఔట్‌లుక్ నెగటివ్ అన్నారు. అప్పు ఎగ్గొడుతుందనా?"

కాదండీ. ఎగ్గొడితే D ఇస్తారు. BBB అంటే భద్రత ఓ మోస్తరు. నెగటివ్ అంటే రేటింగ్ ఇకమీదట తగ్గే అవకాశం ఉందని, తగ్గి తీరుతుందని కాదు.

ఎప్పుడు తగ్గిస్తారో రిపోర్టులో 'రేటింగ్ సెన్సిటివిటీస్' దగ్గర ఉంటుంది. ఉదాహరణకు, వడ్డీ కవరేజి, అంటే నిర్వహణ లాభం వడ్డీకి ఎన్ని రెట్లన్నది, 2.5 రెట్ల లోపుకి పడితే అని రాశారనుకోండి. నిర్వహణ లాభం 18 కోట్లు, వడ్డీ 6 కోట్లయితే ఇప్పుడు 3 రెట్లు. లాభం 15 కోట్లకు జారితే సరిగ్గా గీత మీదే.

తర్వాత, చెల్లింపులకు డబ్బు ఎంత అందుబాటులో ఉందో చెప్పే లిక్విడిటీ పేరా చదవండి. రోజువారీ వ్యాపారానికి బ్యాంకు ఇచ్చే వర్కింగ్ క్యాపిటల్ పరిమితిలో సగటున 95 శాతం వాడేస్తుంటే, కొనుగోలుదారు నుంచి డబ్బు నెల ఆలస్యమైనా చెల్లింపులు ఇరుకున పడతాయి. నాకైతే అక్షరాలకన్నా ఈ పేరానే ముఖ్యం.